గడప నుంచి గడపకి: పొరుగూరి ఉద్యోగం లెక్క



ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. గుంటూరు బ్రాడీపేటలో సొంత ఇల్లు. ఇంట్లో మా అక్క, వాడి భార్య, ఒకటో తరగతి చదివే పాప ఉంటారు. ఊళ్లోనే ఒక మిర్చి వ్యాపార సంస్థలో అకౌంట్స్ చూస్తాడు. ఇంటి దగ్గర స్కూటరు తీస్తే పావుగంటలో ఆఫీసు. అన్ని కోతలూ పోగా చేతికి 24,000 వస్తుంది.

వస్తూనే చేతిలో కాగితం పెట్టాడు. విజయవాడ ఆటోనగర్‌లో వాహనాల విడిభాగాల వ్యాపారం చేసే ఒక సంస్థ ఇచ్చిన ఆఫర్ లెటర్ అది. నెలకి 36,000.

"పన్నెండు వేలు ఎక్కువ మామయ్యా! అప్ అండ్ డౌన్ చేసేస్తాను. గంట ప్రయాణమే కదా, ఫోన్లో చూశాను" అన్నాడు.

నేను వెంటనే అవుననీ అనలేదు, వద్దనీ అనలేదు. లోపలికెళ్లి ఒక తెల్లకాగితం, పెన్సిలు తెచ్చాను. తెనాలి నుంచి విజయవాడకి పదకొండేళ్లు సీజన్ టికెట్టు మీద తిరిగినవాణ్ణి నేను. వాడు అన్న రెండు మాటల్లోనూ, "పన్నెండు వేలు" అన్నదాంట్లోనూ "గంట ప్రయాణం" అన్నదాంట్లోనూ, ఏదో తప్పిపోయిందని అనిపించింది. ఆ రోజు మొదలుపెట్టి మేమిద్దరం కూర్చుని వేసిన లెక్కే ఇవాళ మీకు చెప్పబోతున్నాను. దగ్గర్లో కాగితం ఉంటే మీరూ తీసుకోండి. మీ ఊళ్లు, మీ అంకెలు వేసుకుంటే మీ లెక్క మీకు వస్తుంది.

ముందు ఆ పన్నెండు వేల సంగతి చూద్దాం.

ఆఫర్ లెటర్లో వేసే అంకెని సీటీసీ అంటారు. అంటే మనమీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చు. అది మన చేతికొచ్చే జీతం కాదు. మావాడు చేసిన పొరపాటు ఏమిటంటే, అక్కడి సీటీసీ పక్కన ఇక్కడ చేతికొచ్చే జీతాన్ని పెట్టి తీసివేత చేశాడు. ఒకటి పొట్టుతో తూచిన వడ్లు, ఇంకోటి దంచిన బియ్యం. రెండూ ఒకే తక్కెట్లో పెట్టకూడదు.

లెటర్ వెనక పేజీలో చిన్న పట్టిక ఉంది. మూలవేతనం 18,000. యజమాని కట్టే ప్రావిడెంట్ ఫండు వాటా 1,800. 15,000 పరిమితి మీద 12 శాతం లెక్కన వచ్చిన అంకె అది. గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది సుమారు 870. ఈ రెండూ సీటీసీలో ఉంటాయి, కానీ నెలనెలా చేతికి రావు. గ్రాట్యుటీ అయితే మామూలుగా ఐదేళ్లు నిండితేనే వస్తుంది. ఇవి తీసేస్తే 33,300 పైచిలుకు మిగిలింది. అందులోంచి మనవంతు ప్రావిడెంట్ ఫండు 1,800, వృత్తి పన్ను 200 పోతాయి. చేతికొచ్చేది 31,300.

ప్రావిడెంట్ ఫండు పోయే డబ్బు కాదు, మన దాపుడే. కానీ మావాడికి ఇక్కడా అంతే కోత పడుతోంది. కాబట్టి రెండువైపులా దాన్ని పక్కన పెట్టేసి, చేతికొచ్చేదాని పక్కన చేతికొచ్చేదే పెట్టాం. 31,300లోంచి 24,000 తీసేస్తే 7,300. పన్నెండు వేలనుకున్న పెరుగుదల, ఇంకా ఇంటి గడప దాటకముందే, ఏడు వేల మూడు వందలైంది.

ఇక రెండో మాట, గంట ప్రయాణం.

ఫోన్లో మ్యాపు అబద్ధం చెప్పలేదు. గుంటూరు నుంచి విజయవాడకి రోడ్డు మీద ముప్పై అయిదు కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. పెదకాకాని, కాజ, మంగళగిరి, తాడేపల్లి దాటితే కృష్ణ మీద వారధి. రోడ్డు ఖాళీగా ఉంటే గంటలోపే వెళ్లిపోవచ్చు. కాకపోతే మ్యాపు చెప్పేది బండి కదిలిన చోటు నుంచి ఆగిన చోటు వరకే. మనిషి ప్రయాణం అక్కడ మొదలవదు, అక్కడ ఆగదు. ఇంటి గడప దాటిన నిమిషం నుంచి ఆఫీసులో హాజరు వేసిన నిమిషం దాకా కొలవాలి.

అందుకని వాణ్ణి ఒక పని చెయ్యమన్నాను. "నిర్ణయం చెప్పడానికి పది రోజుల గడువుంది కదా. మూడు రోజులు సెలవు పెట్టు. ఉద్యోగంలో చేరినట్టే పొద్దున్నే తయారై, ఆటోనగర్‌లో ఆ ఆఫీసు గేటు దాకా వెళ్లు. సాయంత్రం వాళ్ల ఆఫీసు వదిలే వేళకి మళ్లీ ఆ గేటు దగ్గరే బయల్దేరు. ఒక రోజు తప్పకుండా సోమవారం అయ్యుండాలి. ప్రతి మెట్టు దగ్గరా వాచీ చూసి టైము రాసుకో" అన్నాను.

వాడు రాసుకొచ్చిన చిన్న పుస్తకం ఇప్పుడు నా ముందే ఉంది. సోమవారం పొద్దున పేజీ చదువుతాను వినండి. ఇంటి దగ్గర బయల్దేరింది 7 గంటల 10 నిమిషాలకి. బస్టాండు పక్కన స్టాండులో స్కూటరు పెట్టి, చీటీ తీసుకుని బస్సు దగ్గరికి చేరేసరికి 7:25. మొదటి బస్సులో సీటు లేదు. రెండో బస్సు ఎక్కి, అది కదిలేసరికి 7:40. వారధి దగ్గర దిగింది 8:27కి. బస్టాండుకి వెళ్లే బస్సు అక్కడి నుంచి వేరే దారి పడుతుంది కాబట్టి ఆటోనగర్ వెళ్లాల్సినవాళ్లు వారధి దగ్గరే దిగాలి. షేర్ ఆటో నిండేదాకా ఆరు నిమిషాలు. బెంజ్ సర్కిల్ దగ్గర ఇంకో ఆటో మారడం. అక్కణ్ణించి ఆటోనగర్ గేటు. అక్కడ లారీల మధ్య నుంచి నడక. ఆఫీసు గేటు దగ్గర 8:55.

ఎంతైంది? గంటా నలభై అయిదు నిమిషాలు. అందులో బస్సు చక్రం తిరిగింది నలభై ఏడు నిమిషాలే. మిగతా దాదాపు గంటసేపూ స్టాండులో, బస్సు దగ్గర, ఆటోలో, నడకలో పోయింది. మ్యాపుకి కనపడనిది సరిగ్గా ఆ గంటే.

సాయంత్రం ఇంకాస్త ఎక్కువ. బెంజ్ సర్కిల్ దాటడం, వారధి మీద నెమ్మదిగా సాగే వాహనాలు, గుంటూరు వైపు వచ్చే బస్సులు అప్పటికే నిండి రావడం, అన్నీ కలిపి రెండు గంటలు. రోజుకి మొత్తం మూడు గంటల నలభై అయిదు నిమిషాలు.

ఇక్కడొక చిన్న విషయం చెప్పాలి. మూడు రోజులూ వేర్వేరు టైములొచ్చాయి. ఒక రోజు పొద్దున గంటన్నరలోనే చేరిపోయాడు. "సరాసరి వేద్దామా?" అన్నాడు. వద్దన్నాను. ఎందుకంటే ఆఫీసు తొమ్మిదింటికి. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే సగం రోజు సెలవు కోస్తామని ఆ లెటర్లోనే రాసుంది. అలాంటప్పుడు ఎవరూ సరాసరి టైముకి బయల్దేరరు. ట్రాఫిక్ జాము పది రోజుల్లో ఒక్కరోజే ఉండొచ్చు, కానీ అది ఏ రోజో తెలియదు కాబట్టి పది రోజులూ పావుగంట ముందే బయల్దేరతాం. జాము లేని రోజున ఆ పావుగంట ఆఫీసు గేటు దగ్గర కూర్చుని గడుపుతాం. అదీ ప్రయాణంలో పోయిన టైమే. అందుకని సరాసరి కాదు, ఎక్కువ పట్టిన రోజునే లెక్కకి తీసుకోవాలి.

ఇప్పుడు నెలకి వేద్దాం. వారానికి ఆదివారం ఒక్కటే సెలవు. పండగలూ సెలవులూ పోను 25 పనిదినాలు అనుకున్నాం. మూడు గంటల నలభై అయిదు నిమిషాల్ని ఇరవై అయిదుతో హెచ్చవేస్తే దాదాపు 94 గంటలు. ఇప్పుడు గుంటూరులో వాడు తిరిగేది రోజుకి అరగంట, అంటే నెలకి పన్నెండున్నర గంటలు. తేడా 81 గంటలు.

81 గంటలంటే ఎంతో మనసుకి పట్టదు. అందుకని దాన్ని ఎనిమిది గంటల డ్యూటీల్లోకి మార్చాం. పది డ్యూటీలు. ఆ ఉద్యోగంలో చేరితే నెలకి 25 రోజులు ఆఫీసులో పనిచేసి, ఇంకో పది రోజులు రోడ్డు మీద పనిచేసినట్టు. ఇదంతా వాళ్లింట్లో కూర్చునే వేస్తున్నాం, మా అక్క పక్కనుంచి వింటూ, "నెలకి ముప్ఫై రోజులే కదరా, ముప్ఫై అయిదు ఎక్కణ్ణించి తెస్తావు?" అంది. ఆవిడ మామూలుగానే అంది గానీ, అసలు ప్రశ్న అదే. ఆ పది రోజులూ ఎక్కడి నుంచో రావాలి. నిద్రలోంచి కొంత, పాపకి చదువు చెప్పే వేళలోంచి కొంత, ఆదివారంలోంచి మిగతాది వస్తాయి.

ఇక ఖర్చు చూద్దాం. బస్సుకి ఒకవైపు 60 రూపాయలు వేసుకున్నాం, రానుపోను 120. షేర్ ఆటోలకి రోజుకి 60. స్కూటరు స్టాండుకి 10, బస్టాండు దాకా పెట్రోలుకి ఇంకో 10. రోజుకి 200 అయింది. దీనికి మావాడు ముందు వెయ్యని ఖర్చు ఇంకోటుంది. ఏడింటికి ఇల్లు కదిలేవాడు ఇంట్లో టిఫిను తినడు. సాయంత్రం ఏడింటికి వారధి దగ్గర బస్సు కోసం నిలబడినవాడు ఏదో ఒకటి కొనుక్కుని తింటాడు. రోజుకి 30 వేశాం, తక్కువే వేశాం. మొత్తం 230. ఇరవై అయిదు రోజులకి 5,750. ఇప్పుడు గుంటూరులో స్కూటరు పెట్రోలుకి నెలకి 500 అవుతోంది. ఆ అయిదు వందలూ తీసేస్తే అదనపు ఖర్చు 5,250.

పెరిగిన జీతం 7,300. పెరిగిన ఖర్చు 5,250. మిగిలింది 2,050 రూపాయలు.

ఇక్కడిదాకా వచ్చాక చాలామంది, "పోనీలే, రెండు వేలైనా మిగులుతోంది కదా" అని ఆగిపోతారు. మావాడూ ఆగాడు. కానీ ఇంకో మెట్టుంది. ఆ 2,050 ఊరికే రావడం లేదు. వాటికోసం 81 గంటలు అదనంగా ఇస్తున్నాడు. 2,050ని 81తో భాగించండి. గంటకి 25 రూపాయలు.

మరి ఇప్పుడు వాడి గంట ఎంత పలుకుతోంది? పెట్రోలు పోను 23,500. రోజుకి ఎనిమిదిన్నర గంటల ఆఫీసు, అరగంట ప్రయాణం, మొత్తం తొమ్మిది గంటలు. నెలకి 225 గంటలు. గంటకి 104 రూపాయలు. కొత్త ఉద్యోగంలో ఖర్చులు పోను 25,550, ఇచ్చే గంటలు 306. గంటకి 83 రూపాయలు. జీతం పెరిగింది, గంట ధర మాత్రం ఇరవై రూపాయలు పడిపోయింది.

మావాడు పెన్సిలు తీసుకుని మళ్లీ మొదటి నుంచి వేశాడు. మళ్లీ అంతే వచ్చింది.

"అయితే రైలు మామయ్యా, సీజన్ టికెట్టు చవక కదా" అన్నాడు. మంచి మాటే. నాకు బాగా తెలిసిన మాట కూడా. రైల్వే సీజన్ టికెట్టు 150 కిలోమీటర్ల దూరం వరకు ఇస్తారు. నెలకి తీసుకోవచ్చు, మూడు నెలలకీ తీసుకోవచ్చు. మూడు నెలలదానికి ధర నెల టికెట్టుకి రెండు పాయింట్ ఏడు రెట్లే, అంటే కొంత కలిసొస్తుంది. మామూలు సీజన్ టికెట్టు రిజర్వేషన్ లేని రెండో తరగతి పెట్టెలకే చెల్లుతుంది. సూపర్‌ఫాస్ట్ రైలెక్కాలంటే అదనపు రుసుము కట్టాలి. బస్సుతో పోలిస్తే ఖర్చు ఎంతో తగ్గిపోతుంది. అన్నీ కలిపి నెలకి నాలుగు వందలు వేసుకున్నాం. విజయవాడ స్టేషను నుంచి ఆటోనగర్‌కి రానుపోను రోజుకి 50, స్కూటరు స్టాండూ పెట్రోలూ, టిఫినూ కలిపితే నెలకి 2,900. అదనపు ఖర్చు 2,400. మిగిలేది 4,900. బస్సు మీద మిగిలినదానికి రెట్టింపు కన్నా ఎక్కువ.

కానీ బస్సు ఒకటి పోతే ఇంకోటి వస్తుంది. రైలు మన ఆఫీసు టైము చూసి రాదు. దాని టైముకి మనం వెళ్లాలి. ఆఫీసు ఆరింటికి వదిలితే, మనకి పనికొచ్చే బండి ఏడింటికైతే, ఆ గంటంతా ఆటోలోనూ ప్లాట్‌ఫారం మీదా పోతుంది. పొద్దున కృష్ణా కెనాల్ దాటాక ప్లాట్‌ఫారం ఖాళీ కోసం బండి నిలబడే రోజులుంటాయి. తెనాలి నుంచి వచ్చే దారీ అక్కడే కలుస్తుంది, అక్కడ కిటికీలోంచి తొంగిచూస్తూ నేను గడిపిన పొద్దులకి లెక్కలేదు. అందుకని రైలుకి రోజుకి నాలుగుంపావు గంటలు వేశాం. అదనంగా పోయేవి నెలకి 94 గంటలు. 4,900ని 94తో భాగిస్తే గంటకి 52 రూపాయలు. బస్సు కన్నా మేలు. ఐనా ఇప్పుడున్న 104లో సగమే.

బైకు మీద వెళ్తానన్నాడు. టైము బాగా తగ్గుతుంది, రోజుకి రెండున్నర గంటలకి లోపే. కానీ రోజుకి 86 కిలోమీటర్లు, నెలకి 2,150. లీటరుకి 45 చొప్పున నలభై ఎనిమిది లీటర్ల పెట్రోలు. ఆయిలు, టైర్లు, చైను, బ్రేకులు కలిపి వేస్తే ఆరు వేలు దాటింది. మిగిలేది సుమారు 1,600. అంతకన్నా ముఖ్యం, రోజూ చీకటి పడ్డాక జాతీయ రహదారి మీద లారీల పక్కన నలభై కిలోమీటర్లు. ఆ మాట వినగానే మా అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ దారి అక్కడితో వదిలేశాం.

ఆడవాళ్లు ఈ లెక్క వేసుకునేటప్పుడు ఒక తేడా వస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో మహిళలకి ఉచిత ప్రయాణం ఉంది. మా మేనల్లుడి స్థానంలో వాడి భార్యే ఆ ఉద్యోగానికి వెళ్తే బస్సు ఖర్చు నెలకి మూడు వేలు మిగులుతుంది. అది చిన్న మొత్తం కాదు. కానీ టికెట్టు సున్నా అయినంత మాత్రాన గంట సున్నా అవదు. ఆ మూడు గంటల నలభై అయిదు నిమిషాలూ అలాగే ఉంటాయి. ఇంటికొచ్చాక వంటపని ఎదురుచూసే మనిషికి ఆ గంటలు ఇంకా బరువు. ఖర్చు తగ్గింది కాబట్టి దూరం తగ్గిందనుకోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

ఈ లెక్కలో గంటకింత అని రూపాయలు వేస్తున్నాం గదా, గంటలన్నీ ఒకటేనా అని మీరడగొచ్చు. ఒకటి కాదు. కిటికీ పక్కన సీటు దొరికి పుస్తకం చదువుకునే గంట వేరు, కడ్డీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడే గంట వేరు. కూర్చుని వెళ్లే దారి ఖాయంగా దొరికితే ఆ గంటని సగంగా వేసుకున్నా తప్పులేదు. కానీ ఆ సీటు మొదటి రోజు కాదు, ఇరవయ్యో రోజు కూడా దొరుకుతుందా అన్నది చూసుకుని వెయ్యండి.

ఇంకో సంగతి. స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్జర్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 2000 తర్వాతి సంవత్సరాల్లో జర్మనీ కుటుంబాల సర్వే వివరాలు పట్టుకుని ఈ రోజువారీ ప్రయాణం సంగతిని పరిశీలించారు. ఎక్కువ దూరం వెళ్లే మనిషికి దానికి తగ్గ జీతమో, చవకైన మంచి ఇల్లో దక్కుతుంది, లేకపోతే అతను ఎందుకు వెళ్తాడు, అని అర్థశాస్త్రం అనుకుంటుంది. వాళ్లకి కనపడింది వేరు. ప్రయాణం పెరిగినకొద్దీ మనుషులు తమ జీవితం పట్ల చెప్పే తృప్తి తగ్గుతూ వచ్చింది. జీతమూ ఇల్లూ ఆ లోటుని పూర్తిగా పూడ్చలేదు. ఎందుకలా అంటే నాకు తోచినది ఇది. జీతం ఎంతో ఆఫర్ లెటర్లో అచ్చులో కనపడుతుంది. ప్రయాణం ఎంతో ఎక్కడా రాసి ఉండదు. కనపడే అంకెనే మనం తూస్తాం.

నా సంగతే చెప్తాను. పదకొండేళ్లు తిరిగానన్నానే, ఈ మధ్యే ఆ లెక్క వేశాను. రోజుకి మూడు గంటలు, నెలకి 25 రోజులు, పదకొండేళ్లు. 9,900 గంటలు. రాత్రీ పగలూ కలిపి 412 రోజులు. అంటే ఒక ఏడాదీ, దాని మీద నెలన్నరా, పూర్తిగా రైల్లోనూ ప్లాట్‌ఫారం మీదా ఉన్నాను. అది తప్పని అనను. ఆ ఉద్యోగం వల్లే ఇల్లు నిలబడింది. కానీ చేరేముందు ఈ అంకె ఎవరైనా నా చేతిలో పెట్టి ఉంటే, రెండేళ్లకొకసారైనా బదిలీ అడిగేవాణ్ణి. పదకొండేళ్లలో ఒక్కసారీ అడగలేదు. అలవాటైపోయిందనుకున్నాను.

సరే, ఇంతకీ మావాడేం చేశాడు?

లెక్క చూసి వద్దనుకుని లేచిపోబోయాడు. కూర్చోమన్నాను. లెక్క వేసేది వద్దనడానికి కాదు, ఎంతకైతే సరేననొచ్చో తెలుసుకోవడానికి. అందుకని వెనక నుంచి వేశాం. అదనపు గంటలు 81. ఇప్పుడున్న గంట ధర 104. హెచ్చవేస్తే సుమారు 8,450. దానికి అదనపు ఖర్చు 5,250 కలిపితే 13,700. అంటే చేతికి 37,700 వస్తే ఇప్పటి గంట ధరకి సరిసమానం. కోతలన్నీ తిరిగి కలిపితే సీటీసీలో అది 42,000 దాటుతుంది. వాళ్లిచ్చింది 36,000.

ఇంకో దారి గంటలు తగ్గించడం. రోజుకి అరగంట తగ్గితే నెలకి పన్నెండున్నర గంటలు, వాడి ధర ప్రకారం 1,300 రూపాయలు. ఒక రోజు ఇంటి నుంచి పనిచెయ్యనిస్తే, ఆ రోజు గంటలూ మిగులుతాయి, 230 రూపాయలూ మిగులుతాయి. ఆఫీసు తొమ్మిదింటికి బదులు పదిన్నరకైతే వారధి దగ్గర రద్దీ తప్పుతుంది. సంస్థకి జీతం పెంచడం కష్టమనిపించిన చోట ఇలాంటివి తేలిగ్గా ఒప్పుకుంటారు. చాలామంది అడగరు, ఎందుకంటే అవి ఎంత విలువైనవో వాళ్ల చేతిలో అంకె ఉండదు.

మావాడు వెళ్లి మాట్లాడాడు. లెక్క చూపించలేదు. ఏం కావాలో మాత్రం చెప్పాడు. వాళ్లు 38,500 ఇస్తామన్నారు. శనివారాలు గుంటూరులో ఇంటి నుంచే లెక్కలు చూడొచ్చన్నారు. మళ్లీ కాగితం తీశాం. చేతికొచ్చేది 33,750. ప్రయాణం నెలకి 21 రోజులే. అదనపు ఖర్చు 4,330. మిగిలేది 5,400 పైచిలుకు. అదనపు గంటలు 66. గంటకి 82 రూపాయలు. మొదట 25 ఉన్న చోట ఇప్పుడు 82.

ఇంకా 104 రాలేదు. ఇరవై రెండు రూపాయలు తక్కువ. అప్పుడు మావాడు ఆలోచించి ఒక మాటన్నాడు. "అక్కడ నాలుగు బ్రాంచీల స్టాకు లెక్కలు ఒక్కచేతి మీద చూడొచ్చు మామయ్యా. గుంటూరులో ఇంకో పదేళ్లున్నా నాకు ఆ పని రాదు. ఆ ఇరవై రెండు రూపాయలూ నేను కట్టే ఫీజు అనుకుంటాను."

ఆ మాట నాకు నచ్చింది. ధర తెలిసి ఒప్పుకున్న మాట అది. "మరి ఫీజు ఎన్నాళ్లు కడతావు?" అని అడిగాను. పద్దెనిమిది నెలలన్నాడు. పద్దెనిమిది నెలల తర్వాత వచ్చే తేదీని ఆ కాగితం మీదే, అడుగున, వాడి చేతే రాయించాను. ఆ రోజున మళ్లీ లెక్క వెయ్యాలి. అప్పటికి జీతం పెరిగుండాలి, లేదా అక్కడే ఇల్లు చూసుకునే స్తోమత వచ్చుండాలి, లేదా నేర్చుకున్న పనితో గుంటూరులోనే ఉద్యోగం వెతుక్కోవాలి. ఈ మూడూ కాకుండా "అలవాటైపోయింది" అనే మాట మాత్రం రాకూడదు.

ఆ కాగితాన్ని మా అక్క నాలుగు మడతలు పెట్టి, ఫ్రిజ్ పైనున్న క్యాలెండరు వెనక దోపింది. ఇప్పటికీ అక్కడే ఉంది.